మహిమ నింపని గడి

బెంజమిన్ మంచివాడే గానీ, కాగితం పనంటే మొదటి నుంచీ ఒట్టి బద్ధకస్తుడు. ముప్పై ఏళ్లుగా మందమర్రి బొగ్గు బాయిల్లో పని చేస్తున్న మనిషి ఒక్కనాడైనా ఒక్క ఫారం సొంతంగా నింపితే ఒట్టు. కింద సంతకం గీకి భార్య ముందుకు జరిపేవాడు. "ముందే సంతకం పెడితే ఎట్ల? నేనేం రాస్తనో ఏమో" అని గొణుగుతూనే మహిమ కళ్లద్దాలు తగిలించుకుని మిగతాదంతా నింపేది. రేషన్ కార్డయినా, లక్సెట్టిపేటలో కట్టుకున్న ఇంటి లోను కాగితాలైనా అదే పద్ధతి.

వానాకాలంలో కామెర్లు ముదిరి మహిమ పోయింది. ఆమె పాలసీ డబ్బు నాలుగు లక్షలు చేతికొచ్చింది. ఇంటి అప్పు ఇంకా తొమ్మిది లక్షలుంది, తొమ్మిదేళ్లు కట్టాలి. బెంజమిన్ ఉద్యోగం దిగిపోవడానికి ఐదేళ్లు కూడా లేవు. "నువ్వు దిగిపోయేలోపు ఇల్లు మనదైపోవాలె. పింఛన్ పైసల్ల కిస్తు కట్టుడంటే మన్ను బుక్కుడే" అని ఆమె ఎన్నోసార్లు అన్నది. అందుకే ఆ డబ్బంతా తీసుకుపోయి లోనులో కట్టేశాడు. బ్యాంకు వాళ్లు ఏదో ఫారం ఇచ్చారు, సంతకం పెట్టి వచ్చాడు. ఆ రోజు బయట ఎండ ఉందో వాన ఉందో అడిగినా చెప్పలేడు.

ఆ తర్వాత మూడు కిస్తులు జీతం ఖాతాలోంచి వాటంతట అవే పోయాయి. ఫోనుకు మెసేజీలు వచ్చాయి, తెరిచి చూడలేదు. తినమంటే తింటున్నాడు, డ్యూటీకి పొమ్మంటే పోతున్నాడు. పాడు ప్రాణం, ఏడుపైనా రావడం లేదు.

చివరకు అడిగింది పోశం, ఒకే షిఫ్టులో పనిచేసే పెద్దాయన.

"తమ్మీ, నాలుగు లక్షలు కట్టినవ్ గదా, గడువు తగ్గించిన్రా, కిస్తు తగ్గించిన్రా?"

"ఏమో అన్నా. చూడలే."

"చూడలేదా? జర పోయి స్టేట్‌మెంట్ తీస్కో. బ్యాంకోళ్లు చేసిండ్రని మనం అనుకుంటే కాదు."

మరునాడు పోశమే వెంటబెట్టుకుని బ్యాంకుకు తీసుకుపోయాడు. లోన్ల బల్ల దగ్గర సృజన అనే ఆఫీసరమ్మ స్టేట్‌మెంట్ తీసి ముందు పెట్టింది. పోశం వేలు పెట్టి చదివాడు. నాలుగు లక్షలు అసలులో పోయాయి, అది బాగానే ఉంది. కానీ పన్నెండు వేలకు కాస్త తక్కువున్న కిస్తు ఆరు వేల ఆరు వందల చిల్లరకు దిగింది. మిగిలిన గడువు మాత్రం ఎనిమిదేళ్ల తొమ్మిది నెలలు. ఎక్కడి గొంగడి అక్కడే.

"గిదేందమ్మా? ఈయన నాలుగున్నరేళ్లల్ల దిగిపోతడు. తర్వాత ఎవరు కట్టాలె?" అన్నాడు పోశం.

"సార్ ఏం కోరిండ్రో చూస్త" అని ఆమె ఫైలు తెప్పించింది. అందులో బెంజమిన్ ఇచ్చిన ఫారం ఉంది. కింద సంతకం గుండ్రంగా, శుభ్రంగా ఉంది. పైన రెండు గళ్లు, ఒకటి గడువు తగ్గించడానికి, ఒకటి కిస్తు తగ్గించడానికి. రెండూ ఖాళీయే.

"ఏదీ టిక్ పెట్టలే సార్. ఏదీ చెప్పకపోతే మా దగ్గర కిస్తే తగ్గుతది. మేమన్నా ఫోన్ చేసి అడగాల్సింది" అందామె మెల్లగా.

బెంజమిన్ ఆ ఖాళీ గళ్ల వైపే చూస్తున్నాడు. తను ఎందుకు వదిలేశాడో అప్పుడు తెలిసింది. మరిచిపోయి కాదు. సంతకం పెట్టడం వరకే తన పని.

"ఇప్పుడు మార్చొచ్చా బిడ్డా?"

"మార్చొచ్చు సార్. పాత కిస్తే మళ్ల కడ్తనని రాసియ్యున్రి. వచ్చే కిస్తు నుంచి అట్లనే పడ్తది." ఆమె లెక్క కట్టింది. "ఇంకో నాలుగేళ్ల ఒక నెలకు అయిపోతది."

"దిగిపోయేలోపే" అన్నాడు పోశం, ఊపిరి వదిలి.

సృజన కొత్త ఫారం, పెన్నూ ఇచ్చింది. బెంజమిన్ తిన్నగా కింద సంతకం పెట్టాడు. పెట్టి, కాగితాన్ని ఎడమ పక్కకు జరిపాడు. ఆ పక్క కుర్చీలో ఎవరూ లేరు.

చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. పోశం తల తిప్పుకున్నాడు. అన్ని నెలలూ రాని ఏడుపు బ్యాంకులో, పదిమంది ముందు వచ్చింది. సిగ్గు పడలేదు బెంజమిన్, తుడుచుకోనూ లేదు.

తర్వాత కాగితం తన ముందుకు లాక్కున్నాడు. గడువు తగ్గించడమన్న గడి ఎక్కడుందో రెండుసార్లు చదివి చూసుకుని, అందులో టిక్కు పెట్టాడు.

"కొత్త స్టేట్‌మెంట్ ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడిగాడు. "నేనే వచ్చి చూసుకుంట."