పోశయ్య పేరుతో ఒక ట్యూబు

పొద్దున ఐదింటికి లేవగానే ఉపేందర్ మొహం కడుక్కునేవాడు కాదు. ముందు స్టీలు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, కుడిచెయ్యి అందులో ముంచి కూర్చునేవాడు. నిద్రలో మధ్యవేలు అరచేతిలోకి వంగి అక్కడే బిగుసుకుపోయేది. నీళ్ళు చల్లారేలోగా ఎడమచేత్తో దాన్ని పట్టి మెల్లగా లేపేవాడు. సగం దాకా మొండికేసి, ఆ తర్వాత టక్కుమని తెరుచుకునేది. ఆ చప్పుడు వంటగదిలో ఉన్న అతని భార్య రాణికి వినపడేది. అప్పుడే ఆమె టీ పొయ్యిమీద పెట్టేది.

"ఎన్నొద్దులు గిట్ల గుంజుకుంటవయ్యా? దవాఖానాల ఓసారి సూపిచ్చుకో."

"సిరంజి పట్టి పట్టి నరం పట్టుకుంది. నాకు తెల్వదా?"

అతనికి తెలుసునని రాణి నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? నాచారంలో ఒక లాబ్ తరఫున పంతొమ్మిదేళ్ళుగా ఇళ్ళకు తిరిగి నెత్తురు తీసుకొచ్చే మనిషి. పీర్జాదిగూడ నుంచి స్కూటీ మీద బయలుదేరి, ఉప్పల్ దాటేసరికి మొదటి ఇంటి తలుపు కొట్టాలి. పరగడుపు నెత్తురు కావాలన్నవాళ్ళందరూ కాఫీ తాగకుండా అతని కోసమే కాచుకుని ఉంటారు. బూడిదరంగు మూత ట్యూబు ఆ పొద్దుటి షుగరుకు. ఊదారంగు మూతది మూడు నెలల సగటుకు. ఎవరి ఇంట్లో ఎవరి అంకె ఎంతో అతనికి నోటికి వచ్చు. అన్నం తగ్గించమని, నడవమని, మాత్ర మానొద్దని గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. అందరూ వినేవాళ్ళు.

తన అంకె కూడా అతనికి తెలుసు. మూడేళ్ళ కింద, దాహం ఎక్కువై రాత్రి నాలుగుసార్లు లేస్తున్న రోజుల్లో, తన నెత్తురు తానే తీసుకున్నాడు. ట్యూబు మీద పేరు రాయబోయి ఆగాడు. లాబ్‌లో అందరూ చూస్తారు. చివరికి 'పోశయ్య, 72' అని రాశాడు. పోశయ్య అతని నాయిన. షుగరుతో ముందు కాలి వేళ్ళు, తర్వాత మోకాలి కిందంతా పోగొట్టుకుని, అప్పటికే చనిపోయి నాలుగేళ్ళు. సాయంత్రం రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఆరున్నర దాటితేనే షుగరు. ఉపేందర్ దాన్ని నాలుగు మడతలు చేసి స్కూటీ సీటు కింద పెట్టాడు. పోశయ్య పేరు కింద తన నంబరే ఇచ్చాడు కాబట్టి, అప్పటి నుంచి మూడు నెలలకోసారి అతని ఫోనుకు లాబ్ మెసేజ్ వచ్చేది. పోశయ్య గారూ, మీ షుగర్ పరీక్ష సమయం వచ్చింది. ప్రతిసారీ చెరిపేసేవాడు.

వేలు పట్టుకోవడం మొదలైన ఆర్నెల్లకు మేడిపల్లిలో కట్టు కట్టేవాడి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మధ్య కణుపుకు నూనె రాసి, అట్టముక్క పెట్టి బిగించాడు. పదిహేను రోజులకు విప్పితే వేలు ఇంకా మొరాయించింది.

చిలుకానగర్‌లో గోపాలరావు గారింటికి అతను పదకొండేళ్ళుగా వెళ్తున్నాడు. గోపాలరావు రిటైరైన హెడ్మాస్టరు, ఏలూరు వైపు నుంచి వచ్చినవారు. ఇరవై ఏళ్ళ షుగరు. ఉపేందర్ తప్ప ఇంకెవరూ తన నరం ముట్టుకోకూడదని ఆయన పట్టు.

"మా వీధి దోమలకి కాస్త నీ విద్య నేర్పవయ్యా. ఒక్కటీ నీ అంత నెమ్మదిగా కుట్టదు," అనేవారు.

గత వేసవిలో ఒక పొద్దున, సూది మూత తీసేటప్పుడు వేలు టక్కుమంది. గోపాలరావు గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వు." ఉంగరపు వేలి మొదట్లో తన అరచేతి మీదున్న సన్నటి గీతను చూపించారు. "నాకూ ఇంతే. కోసి సరిచేశారు. ఉపేందర్, నీకు షుగరు ఉందా?"

"లేద్సార్."

"చూపించుకున్నావా?"

"రోజూ గదే పని గద సార్. ఉంటే నాకు తెల్వకుంట ఉంటదా?" అని నవ్వాడు.

ఆయన అతని చెయ్యి వదిలేసి, తన మోచెయ్యి ముందుకు చాపారు. మాష్టారు కదా, అబద్ధం చెప్పిన మొహం గుర్తుపట్టకపోరు.

రెండు నెలల తర్వాత మళ్ళీ అదే ఇల్లు, అదే కుర్చీ. నెత్తురు చక్కగా వచ్చింది. ఎడమచేత్తో దూది పట్టుకుని సూది తీయబోతే సిరంజి చుట్టూ వంగిన వేలు విడవలేదు. బలవంతంగా గుంజాడు. వేలు టక్కుమని విడిపోయిన కుదుపుకు సూది నరం వెనక గోడలోంచి దిగింది. గోపాలరావు గారు నెత్తురు పలచబరిచే మాత్ర వేసుకుంటారు. మధ్యాహ్నానికి మోచెయ్యి అంతా వంకాయ రంగుకు తిరిగింది. ఆయన భార్య సుబ్బులు గారు లాబ్‌కు ఫోన్ చేశారు. అరవలేదు. "ఆ అబ్బాయిని ఇంక పంపకండి" అని మాత్రం అన్నారు.

లాబ్ యజమాని లక్ష్మీకాంత్ ఉపేందర్ కంటే పదేళ్ళు చిన్న. "ఉపేందరన్నా, జర చెయ్యి సూపిచ్చుకుని రా. గప్పటిదాకా నీ రూటు వేరేవాళ్ళు జేస్తరు," అన్నాడు.

డాక్టర్ సూర్యకళ ఉప్పల్‌లో చేతులకు ఆపరేషన్లు చేస్తుంది. నొప్పి ఎక్కడంటే అతను మధ్య కణుపు చూపించాడు. ఆమె అక్కడ ముట్టుకోనే లేదు. అరచేతిలో వేలి మొదట్లో బొటనవేలితో నొక్కింది. ఉపేందర్ పళ్ళు బిగించాడు. అక్కడ శనగగింజంత గడ్డ దొరికింది.

"నొప్పి పైన తెలుస్తుంది, రోగం ఇక్కడుంది. వేలిని వంచే తాడు ఒక చిన్న వలయంలోంచి జారుతుంది. తాడు ఉబ్బి, వలయం మందమైతే ఇరుక్కుంటుంది. రాత్రి చెయ్యి కదలదు, వాపు పెరుగుతుంది. అందుకే పొద్దున ఎక్కువ. షుగర్ ఎన్నేళ్ళు?"

అతను చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"ఇది షుగర్ లేనివాళ్ళకూ వస్తుంది. ఉన్నవాళ్ళకు చాలా ఎక్కువ. ఏళ్ళ తరబడి పెరిగిన చక్కెర తాడుకూ, దాని తొడుగుకూ పట్టి గట్టిపరుస్తుంది. ఒక వేలితో ఆగకపోవచ్చు కూడా. ఎన్నేళ్ళు?"

"మూడేండ్లు, మేడమ్."

"మందులు?"

"లేవు."

ఆమె కేసు కాగితంలో అతని పనేమిటో చూసింది. "రోజుకు ఎంతమందికి నెత్తురు తీస్తావు?"

"ముప్పై దాకా."

ఆమె చీటీ మీద మూడు నెలల సగటు పరీక్ష రాసింది. లాబ్‌లో నెత్తురు ఇచ్చి, ఊదారంగు మూత ట్యూబు మీద ఈసారి తన పేరే రాశాడు. ఉపేందర్, 47. పది పాయింట్ నాలుగు వచ్చింది. లాబ్‌లో అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. మూడేళ్ళు అతను దాక్కున్నది ఇంతమాత్రానికే.

మాత్రలు మొదలయ్యాక అరచేతిలో స్టెరాయిడ్ ఇంజక్షన్ చేశారు. నాలుగు రోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకోమని చెప్పి మరీ చేశారు. షుగర్ ఉన్నవాళ్ళకు అది నిలిచే నమ్మకం తక్కువని కూడా చెప్పారు. నిలవలేదు. మూడో నెలలో వేలు మళ్ళీ పట్టింది. షుగర్ దారికి వచ్చాక, ఒక్క చేతికే మత్తిచ్చి పావుగంటలో ఆ వలయాన్ని కోసి వదులు చేశారు. టక్కు పోయింది. కానీ ఏడాదిపైగా వంగి ఉన్న కణుపు గట్టిపడి, వేలు పూర్తిగా తెరుచుకోలేదు. ముందే వచ్చి ఉంటే ఇలా మిగిలేది కాదేమోనని డాక్టరమ్మ అంది. ఫిజియోథెరపీ చీటీ చేతికిచ్చింది.

రాణి స్కూటీ సీటు కింద ఆ మడతల కాగితం చూసింది. పేరు చదివింది.

"సచ్చిపోయిన మామను మల్ల రోగిని జేసినవా?" అంది. ఆ రాత్రి నుంచి అన్నం కొలిచి పెట్టింది.

ఒకసారి అతను చిలుకానగర్ వెళ్ళాడు. గోపాలరావు గారు లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చారు.

"నేనడిగిన రోజు నిజం చెప్పుంటే నీ వేలు దక్కేదేమో. నా చెయ్యి సంగతి పోనీ, అది మానింది," అన్నారు. పదకొండేళ్ళలో ఆయన దోమల మాట ఎత్తనిది అదొక్కరోజే.

సూది పట్టే పని పోయి, ఉపేందర్ ఇప్పుడు నాచారం లాబ్‌లో కౌంటర్ వెనక కూర్చుని, వచ్చిన ట్యూబుల మీద పేర్ల చీటీలు అతికిస్తాడు. వేరేవాళ్ళు తీసిన గోపాలరావు గారి ట్యూబు మూడు నెలలకోసారి వస్తుంది.