ఎగిరిపోయిన సున్నా

చిత్తూరు ఊరి బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను చెల్లింపుల గుమాస్తాగా పనిచేశాను. సీజనులో ఫ్యాక్టరీ వెనక టెంకలు గుట్టలుగా పోసి ఉండేవి. వానకు తడిసి, పులిసి, ఈగలు ముసిరి, కిటికీలన్నీ మూసినా ఆ కంపు ముక్కును వదిలేది కాదు. దానికి వారంలో అలవాటు పడిపోయాను. మా ఆఫీసులో జరిగిన ఒక సంగతికి మాత్రం ఇప్పటికీ అలవాటు పడలేకపోయాను. అందులో అందరికంటే ఎక్కువ రోత పుట్టించేది నేనే.

నా పని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కాయలు తోలిన రైతుకు ఎంత ఇవ్వాలో పై టేబుల్ వాళ్లు తేల్చి పంపుతారు. నేను రైతుల పేర్లు, ఖాతా నంబర్లు, బ్యాంకు కోడ్లు ఉన్న ఫైలు తయారుచేసి మా బ్యాంకు సైటులో ఎక్కిస్తాను. మేనేజరు చూసి సరేనని నొక్కితే డబ్బు వెళ్తుంది. నేను ఎక్కించకుండా ఆయన నొక్కలేడు, ఆయన నొక్కకుండా నేను ఎక్కించినదానికి విలువ లేదు. రెండు లక్షలు, అంతకు మించితే పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్‌లో పోతుంది. పోయిన ప్రతి చెల్లింపుకూ యూటీఆర్ అని ఒక పొడుగాటి నంబరు వస్తుంది.

పోయిందంతా నిలవదు. కొన్ని తిరిగొస్తాయి. తిరిగొచ్చినప్పుడు పాత యూటీఆర్, మొత్తం, పక్కన నాలుగక్షరాల కారణం కోడు ఉంటాయి. ఏసీ జీరో ఫోర్ అంటే ఆ ఖాతా మూసేశారు, రైతు దగ్గర కొత్త ఖాతా అడగాలి. ఏసీ జీరో సిక్స్ అంటే ఖాతా ఉంది గానీ బ్లాకు చేశారు. రైతు తన బ్యాంకుకు వెళ్లి దాన్ని విడిపించుకునేదాకా మనం మళ్లీ పంపినా మళ్లీ వెనక్కే. ఏసీ జీరో వన్ అంటే మీరు పంపిన నంబరు సరైనది కాదు అని. ఇక్కడ జాగ్రత్తగా చదవాల్సిన మాట 'మీరు పంపిన' అన్నది. ఆ తప్పు ఎవరు చేశారో కోడు చెప్పదు. రైతు తప్పుగా రాసిచ్చాడా, మనం తప్పుగా ఎక్కించామా, చూసుకోవాల్సింది మనమే. అందుకే ఏసీ జీరో వన్ కనిపిస్తే ముందు చేయాల్సిన పని రైతు రాసిచ్చిన ఫారం, దానితో ఇచ్చిన పాసుపుస్తకం జిరాక్సు తీసి, మనం పంపిన నంబరు పక్కన పెట్టి అంకె అంకె పోల్చడం.

ఆ సోమవారం మధ్యాహ్నం రెండు చెల్లింపులు తిరిగొచ్చాయి. రెండింటికీ ఏసీ జీరో వన్. ఒకటి పెద్ద మండీ యజమానిది. రెండోది కార్వేటినగరం దగ్గర తోపు కౌలుకు చేసే ఒక రైతుది, నాలుగు లక్షల చిల్లర. ఫారాలు, జిరాక్సులు తీశాను. ఇద్దరి నంబరూ పద్నాలుగు అంకెలు, ఇద్దరిదీ సున్నాతో మొదలు. నేను పంపిన ఫైల్లో పదమూడే ఉన్నాయి.

ఎందుకో నాకు వెంటనే తెలిసిపోయింది. అంతకు ముందేడాది వరకూ చెక్కులు ఇచ్చేవాళ్లం. ఆ ఏడు కొత్త పద్ధతి పెట్టి, రైతుల నంబర్లన్నీ కంప్యూటరు షీటులో కొట్టి ఎక్కించే పని నాకిచ్చారు. ఆ గడులను అక్షరాలుగా మార్చుకోకుండా నంబర్లు కొడితే, షీటు వాటిని లెక్క అనుకుని ముందున్న సున్నాను ఎగరగొట్టేస్తుంది. ఈ పని చేసే వాళ్లెవరికైనా తెలిసిన సంగతే. నాకూ తెలుసు. ఆ రోజు తొందరలో మరిచిపోయాను. తప్పు రైతుది కాదు, బ్యాంకుది కాదు. నాది.

మేనేజరు గదిలోకి వెళ్లి, రెండు తిరిగొచ్చాయని చెప్పాను. ఆయన తిరుపతి మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, టేబుల్ మీద ఎప్పుడూ ఒక గిన్నెడు జీడిపప్పు. మండీ యజమాని పేరు వినగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఆయనది ఇప్పుడే సరిచేసి పంపమ్మా. నంబరు నాకు ఫోన్లో చెప్తాడు. కారణం కింద 'సరఫరాదారు నంబరు మార్చుకున్నాడు' అని రాయి."

పది నిమిషాల్లో అయిపోయింది. ఆయన నొక్కాడు, డబ్బు వెళ్లింది. రైతు సంగతి అడిగాను.

"ఆయన్ని బ్యాంకు నుంచి లెటరు తెమ్మను. లెటరు వస్తే హెడ్డాఫీసుకు పంపుదాం, వాళ్లు ఒప్పుకుంటే మారుద్దాం. ఏం తొందర? ఆ నాలుగు లక్షలు నాలుగు రోజులు మన ఓడీ అప్పు ఖాతాలో ఉంటే మనకు వడ్డీ మిగుల్తుంది కదా." అని ఒక జీడిపప్పు నోట్లో వేసుకున్నాడు.

ఛీ అనిపించింది. ఆ నమిలే నోరు చూడలేక తల దించుకున్నాను. "సార్, ఆయన ఫారంలో నంబరు కరెక్టుగానే ఉంది, సున్నా పోగొట్టింది నేను" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నన్ను పర్మనెంటు చేసే కాగితం ఆ నెలలోనే కదలాల్సి ఉంది. "సరే సార్" అన్నాను.

మర్నాడు పొద్దున్నే రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాసుపుస్తకం. మేనేజరు ఆయన్ని గది బయటే నిలబెట్టి గట్టిగా చెప్పాడు, అక్కడున్న వాళ్లందరూ వినేలా.

"మేం పంపినామప్పా. ఇదిగో యూటీఆర్. మీ బ్యాంకే తిప్పికొట్టింది. నువ్విచ్చిన నంబరే తప్పు. లెటరు తెచ్చుకో, పో."

ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"మ్మా, నేను దీంట్లో ఉండేదే రాసిచ్చినాను. యాడ తప్పు పడిందో తెలీలేదు. శుక్రవారం లోపల డబ్బు పడకపోతే నేను మునిగిపోతానమ్మా."

"ఏమైందన్నా?"

"తోపు ఆయన తిరుచానూరులో లాడ్జి పెట్టుకోనుండాడు. శుక్రవారానికి వచ్చే ఏడాది కౌలు కట్టల్ల. లేకుంటే పలమనేరు ఆయనెవరికో ఇచ్చేస్తానంటాడు. ఆరేళ్ల నుంచి నేనే సూసుకుంటా ఉండాను ఆ చెట్లని. ఎండిపోయే చెట్లకి ట్యాంకరుతో నీళ్లు పోసినానమ్మా."

పాసుపుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. ముందు సున్నా, ఆ తర్వాత పదమూడు అంకెలు. నా చూపు ఆ సున్నా మీదే ఆగిపోయింది. "లెటరు తెండి అన్నా, నేను త్వరగా చేయిస్తాను" అన్నాను.

బుధవారం ఫోను చేశాడు. "బ్యాంకు కౌంటర్లో ఉండే సారు మా ఖాతా బాగుండాదంటాడు. మీ నుంచి ఏమీ రాలేదంటాడు. మీరేమో బ్యాంకోళ్లు తిప్పినారంటారు. ఎవుర్ని నమ్మల్ల నేను?"

తిప్పడం వరకు మాత్రం ఇద్దరూ నిజమే చెప్పారు. లేని నంబరుకు వచ్చిన డబ్బును ఆ బ్యాంకు పైనున్న కంప్యూటరే తిప్పి పంపేస్తుంది. ఊళ్లో ఉన్న బ్రాంచికి ఆ కబురే తెలియదు. పదమూడంకెల ఖాతా ఎవరిదీ కాదు కాబట్టి, ఏ బ్రాంచి దగ్గరా దాని జాడ ఉండదు. ఈ రెండు నిజాల మధ్య ఆ మనిషి బస్సుల్లో తిరుగుతున్నాడు. విడమరిచి చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని నేను, ఫోను చెవికి పెట్టుకుని "లెటరు ముఖ్యమన్నా" అంటున్నాను. లెటరు మీద సంతకం పెట్టాల్సిన బ్రాంచి మేనేజరు సెలవులో ఉన్నాడట, గురువారం దాకా రాడట.

ఆ సాయంత్రం నేనే తట్టుకోలేక, సున్నా పెట్టి నంబరు సరిచేసి, చెల్లింపు మళ్లీ ఎక్కించాను. మేనేజరు ఆపేసి నన్ను పిలిచాడు.

"లెటరు లేకుండా నంబరు ఎట్ల మార్చినావు? ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్తారు? అయినా ఈ సరిచేసిన నంబరు నీకు యాడ దొరికింది?"

ఇంతకంటే నేరుగా ఎవరూ అడగరు. అతని ఫారంలోనే ఉంది సార్, పోగొట్టింది నేనే సార్ అనాలి. మండీ ఆయనది లెటరు లేకుండానే మార్చాం కదా అని కూడా అనొచ్చు. నోరు తెరిచాను. ఆయన నా వంక చూస్తూ, "నీ పర్మనెంటు ఫైలు నా టేబుల్ మీదే ఉండాది" అన్నాడు, అదేదో మాటల మధ్యలో గుర్తొచ్చినట్టు.

"ఫోన్లో కనుక్కున్నాను సార్" అన్నాను. నా నోటికి నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం రైతు లెటరు తెచ్చాడు, బ్యాంకు ముద్రతో. అందులో నంబరు పాసుపుస్తకంలో ఉన్నదే, ఫారంలో ఉన్నదే. హెడ్డాఫీసుకు పంపాను. వాళ్లు సోమవారం ఒప్పుకున్నారు. సోమవారం సాయంత్రం డబ్బు వెళ్లింది, ఈసారి తిరిగి రాలేదు. నెలాఖరు నివేదికలో కారణం గడిలో 'సరఫరాదారు తప్పు నంబరు ఇచ్చాడు' అని కొట్టమని మేనేజరు చెప్పాడు, నేను కొట్టాను. పర్మనెంటు కాగితం కూడా వచ్చింది. అమ్మ మిఠాయి కొని పక్కింటి వాళ్లకు పంచింది. నేను ఒక్క ముక్క కూడా ముట్టలేదు. ఎందుకని అడిగితే పంటినొప్పి అన్నాను. అబద్ధం అప్పటికే బాగా అలవాటైపోయింది.

డబ్బు పడిన రెండో రోజు ఆయన మళ్లీ వచ్చాడు. పని ఏమీ లేదు, చెప్పిపోదామని వచ్చాడట. నా టేబుల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తోపు ఏమైందన్నా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"శనివారమే పలమనేరాయనకి రాసిచ్చేసినాడమ్మా. కాళ్లు పట్టుకున్నా ఇనలేదు. నిన్న పోయి నా మోటారు, పైపులు ఇప్పుకొచ్చినా." మేనేజరు గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మీకు శానా ఇబ్బంది పెట్టినానమ్మా. నా కోసరం ఆ సారుతో మాటలు పడినారంట గదా, గేటు కాడ చెప్పినారు. నంబరు నేను సరిగ్గా ఇచ్చుంటే ఇదంతా ఉండేది కాదు. సదువు లేనోణ్ని, యాడో తప్పు రాసుంటా. ఏమీ అనుకోవద్దండి."

ఆయన ఫారం నా సొరుగులోనే ఉంది. పెద్ద పెద్ద అంకెలు, ఒక్కొక్కటీ గడిలో కుదురుగా, తప్పు పడుతుందేమోనని భయపడి రాసిన రాత. తీసి చూపిస్తే చాలు. పక్కనే మేనేజరు గది తలుపు తెరిచే ఉంది.

"పర్వాలేదులే అన్నా" అన్నాను. "ఇంకోసారి జాగ్రత్తగా చూసి రాయండి."

"అట్నేమ్మా" అని ఆయన నాకు దండం పెట్టాడు.