ఫ్లెక్సీలాంటి కృతజ్ఞత

బడి నన్ను వదిలేసిందో, నేను బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. ఎనిమిదో తరగతి మధ్యలో ఒకరోజు ఇద్దరం విడిపోయాం. నేను వెళ్ళిపోయాక మా క్లాసు ఉత్తీర్ణత పెరిగిందని మా లెక్కల సారు ఊరంతా చెప్పుకున్నాడట. నా వల్ల చదువుల తల్లికి జరిగిన ఏకైక మేలు అదే. అలాంటి నన్ను మొన్న మా అక్క కూతురు ఉద్యోగం విషయంలో సలహా అడిగింది. నాకు తోచింది చెప్పాను. పదిరోజుల తర్వాత ఫోనులో మెసేజ్ వచ్చింది. నా అమూల్యమైన మార్గదర్శకత్వానికి ధన్యవాదాలట, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. సంతోషమేసింది. మళ్ళీ చదివాను. ఉద్యోగం వచ్చిందో రాలేదో, నేను చెప్పినట్టు చేసిందో లేదో అందులో ఒక్క ముక్క లేదు. నవ్వొచ్చింది. ఆ పిల్లను చూసి కాదు. అచ్చం అలాంటిదే నేనూ ఒకప్పుడు ఒక పెద్దాయనకు పంపాను. ఆయన జవాబు ఇంకా చెవిలో ఉంది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, ఒక ఫ్లెక్సీల దుకాణంలో పనిచేసేవాణ్ణి. పొద్దున ధూంధాం ఆటపాటలకు ఫ్లెక్సీ, మధ్యాహ్నం నిరాహార దీక్షకు ఫ్లెక్సీ, సాయంత్రం నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ. అచ్చుకొట్టడం మిషను పని. కర్రల చట్రానికి బిగించి, నిచ్చెనెక్కి స్తంభాలకు కట్టడం నా పని. అది కాక, ఏం రాయించుకోవాలో తెలియక బుర్ర గోక్కునేవాళ్ళకు మాటలు అందించడం కూడా నాదే. ఆశాజ్యోతి, జననేత, పెద్దదిక్కు, బడుగుల గుండెచప్పుడు: ఇవన్నీ నా నోట్లో వక్కపొడిలా నానుతుండేవి. బొమ్మ ఎవరిదైనా మాటలు అవే. పెయింటు వాసన, రోడ్డు మీద నినాదాలు, పక్క హోటల్లో పెనం మీద నీళ్ళు చల్లినప్పుడు వచ్చే చప్పుడు, వీటి మధ్య నేను జోకులేస్తూ బతికేవాణ్ణి. జోకులు అయిపోయి ఇంటికి పోయాక మాత్రం మా ఇంటామె, ఇట్ల ఎన్నేండ్లు నిచ్చెనెక్కుతవు అని అడిగేది. దానికి నా దగ్గర జోకు ఉండేది కాదు.

ఒకరోజు వనస్థలిపురం నుంచి ఒక సారు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. ఏదో పెద్ద కంపెనీలో పనివాళ్ళకు శిక్షణ ఇచ్చే విభాగంలో జీవితమంతా చేసి రిటైరయ్యాడు. గేటుకు కట్టుకోవడానికి చిన్న బోర్డు కావాలన్నాడు. ఆదివారం ఉదయం ఉద్యోగాల గురించి సలహా చెప్పబడును, ఉచితం అని రాయాలట. ఉచితమంటే ఎవ్వరూ రారు, ఫీజు పెట్టండి సార్, లైను కడతరు అన్నాను. ఆయన నవ్వలేదు. నా చేతిలోని కొలత టేపు వంక చూసి, ముందు నువ్వు రావయ్యా, ఎంతమంది వస్తారో అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ ఆదివారం ఆయన వరండాలో మొదటి కుర్చీ నాదే అయింది.

ఏ పని కావాలి అని అడిగాడు. ఏ పనైనా చేస్త సార్ అన్నాను. అందరూ అనే మాట, వినయంగా ఉంటుందని. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏ పనైనా చేస్తానంటే వినేవాడికి ఏ పనీ గుర్తుకు రాదట. నీకు చేతనైంది ఒక్కటి చెప్పు అన్నాడు. ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆయనే ఒక్కొక్కటీ అడిగి బయటికి లాగాడు. నిచ్చెన మీద చట్రం వంకర లేకుండా ఎలా చూస్తావు, గాలికి ఫ్లెక్సీ చిరగకుండా రంధ్రాలు ఎక్కడ కోస్తావు, దుకాణం ముందు లైటుకు తీగ ఎటునుంచి లాగుతావు అని. గంటసేపు నేను జోకు వేయకుండా మాట్లాడానంటే అది ఆయన ఘనతే. చివర్లో కొన్ని మాటలు చెప్పాడు. ఫ్లెక్సీ వారానికి చిరిగిపోతుంది, దుకాణం పేరు బోర్డు ఏళ్ళ తరబడి ఉంటుంది, ఆ వైపు వెళ్ళమన్నాడు. ఎల్బీ నగర్‌లో లైట్ల బోర్డులు చేసే వర్క్‌షాపులకు పోయి, ఉద్యోగం అడక్కుండా, రోజు పని ఎలా నడుస్తుందో కాసేపు చూడనివ్వమని అడగమన్నాడు. కట్టిన ప్రతిదాన్నీ ఫోనులో ఫొటో తీసుకోమన్నాడు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయమన్నాడు. ఇక, కస్టమర్ ముందు ఈ జోకులు మానుకోమన్నాడు. అక్కడ నా మొహం ఎలా మారిందో ఆయన చూసే ఉంటాడు.

రెండు నెలలకే ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ఒక వర్క్‌షాపులో చేరాను. ఆ రాత్రే ఆయనకు మెసేజ్ పెట్టాను. నాకు వచ్చిన తెలుగంతా వాడాను: "మా బతుకుల్లో వెలుగులు నింపిన మార్గదర్శకులు, పెద్దదిక్కు, మాననీయులు శ్రీ సారు గారికి హృదయపూర్వక కృతజ్ఞతాభివందనములు. ఇట్లు మీ అభిమాని." తెల్లారి జవాబు వచ్చింది: "బాగుందయ్యా. నా పేరు తీసి మీ కార్పొరేటర్ పేరు పెట్టినా సరిపోతుంది." నేను పగలబడి నవ్వాను. వర్క్‌షాపులో నలుగురికీ చూపించాను. జోకు అనుకున్నాను. జోకు కాదని తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ రెండేళ్ళలో ఊరు ఊరులా లేదు. నెలకు ఎన్ని బందులో, ఎన్ని రాస్తారోకోలో. మా నల్లగొండ బస్సులు ఎల్బీ నగర్ దాటేవి కావు. నేనూ జెండా పట్టుకుని నడిచాను, అది నా ఊరి మాట. అయినా పక్కింట్లో ఆంధ్రా వాళ్ళుంటే, వాళ్ళావిడ పచ్చడి గిన్నె మా ఇంటికి రావడం ఆగలేదు, మా సకినాలు వాళ్ళింటికి పోవడం ఆగలేదు. మాటలు మాత్రం కొంచెం తగ్గాయి. టీవీ పెట్టినప్పుడు ఎవరి తలుపు వాళ్ళు దగ్గరకు వేసుకునేవాళ్ళం.

ఒక సాయంత్రం కూరగాయల దగ్గర సారు వాళ్ళ ఆవిడ, మేడమ్ కనిపించింది. సారు ఎట్ల ఉన్నడు, ఆదివారం జనం బాగ వస్తున్నరా అని అడిగాను. ఆమె వంకాయలు ఏరడం ఆపింది. గేటుకున్న బోర్డు తీసేశారని చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువుకు చదువుతున్న ఒకతను వచ్చాడట. ఉన్న చిన్న ఉద్యోగం మానేసి పూర్తిగా చదువుకో అని సారే ఒకప్పుడు చెప్పాడు. ఆ తర్వాత నోటిఫికేషన్లే రాలేదు. మీ మాట వినే నా ఏండ్లు పోయినయి, మా బాధ మీకేం తెలుస్తది అని గేటు దగ్గర నిలబడి అనేసి పోయాడట. ఆ రోజు నుంచి సారు గుంటూరు వెళ్ళిపోదాం అంటున్నాడట.

"ఆ అబ్బాయి అన్నదానికి కాదు బాబూ," అంది మేడమ్. "అతనొక్కడే నిజం చెప్పాడంటున్నారు. మిగతావాళ్ళంతా పండక్కి దండాలు పెడతారు, ఎవరికి ఏమైందో ఒక్కళ్ళూ చెప్పరు. నేను చెప్పింది ఒక్కడికైనా పనికొచ్చిందో, అందరినీ ముంచానో నాకెలా తెలుస్తుంది అని కూర్చుంటున్నారు."

కార్పొరేటర్ పేరు పెట్టినా సరిపోతుందన్న సారు జవాబు అప్పుడు అర్థమైంది నాకు. ఆయన పొగడ్త వద్దనలేదు, కబురు అడిగాడు.

మర్నాడు బందు. వర్క్‌షాపు షట్టరు సగం దించి ఉంది. మెట్టు మీద కూర్చుని ఫోను తీశాను. ముందు చేయి అలవాటుగా మాననీయులు అని కొట్టింది, చెరిపేశాను. సారు ఏమన్నాడు, నేనేం చేశాను, ఏమైంది, ఇంతే రాయాలనుకున్నాను. రాస్తూ పోతే చివర్లో మా బావమరిదికి కూడా ఏదైనా చూడండి అని వచ్చేసింది. అదీ చెరిపేశాను. అది ఉంటే పైన రాసినదంతా దరఖాస్తు అయిపోతుంది. నా పాత ఫోనులో తెలుగు అక్షరాలు లేవు, ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో, ఈసారి నా మాటలే కొట్టాను. మధ్యాహ్నం దాకా పట్టింది.

"సార్ నమస్తే. ఫ్లెక్సీ దుకాణంల జోకులేసేటోన్ని. ఏ పనైనా చేస్త అనకు, నీకొచ్చింది చెప్పు అన్నరు. ఎల్బీ నగర్‌ల బోర్డుల షాపుకు పోయి, ఎత్తు మీద ఫ్రేము వంకర లేకుండ కడ్త అని చెప్పిన, ఫోన్ల ఫొటోలు చూపెట్టిన. ఓనరు నా సదువు సంగతే అడగలే. ఓపెన్ స్కూల్ల పదోది రాసిన. లెక్కలల్ల ఒకసారి తప్పిన, మల్ల గట్టెక్కిన. మునుపు డ్రాయింగు కాగితం ఇస్తె నవ్వి పక్కోనికి ఇచ్చేటోన్ని. ఇప్పుడు నేనే చదివి కొలతలు పెడుతున్న, సైటు నాకే అప్పజెప్తున్నరు. మా బిడ్డ లెక్క అడిగితె బయటికి పోతలేను, పక్కన కూసుంటున్న. మీరు చెప్పిందాంట్ల ఒకటి పని చెయ్యలే. కస్టమర్ ముంగట జోకులెయ్యొద్దన్నరు. బందులకు షాపులోల్లు పరేషాన్ల ఉన్నరు, జర నవ్విస్తెనే బోర్డు గురించి మాట్లాడుతున్నరు. నా తర్వాత వచ్చెటోల్లకు అది జర చూసి చెప్పున్రి. నాకేం అవసరం లేదు సార్. మీకు తెల్వాలని చెప్పిన."

పంపేశాక భయమేసింది. పెద్దాయన చెప్పింది తప్పని రాశానే అని. జవాబు రాలేదు. సాయంత్రమైనా రాలేదు.

తర్వాత సంగతులు మేడమ్ చెబితేనే తెలిశాయి. ఆ మెసేజ్‌ను సారు ఆమెతో పైకి చదివించుకున్నాడట. పని చెయ్యలే అన్న దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడట. మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ వెతుక్కుంటూ పోయి, గేటు దగ్గర కోప్పడి వెళ్ళిన అతన్ని కలిశాడు. నేను చెప్పినదాంట్లో ఎక్కడ తప్పిందో చెప్పు బాబూ అని అడిగాడు. ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. పోయిన ఏళ్ళు తిరిగి రాలేదు, అతని కోపం కూడా పూర్తిగా పోలేదు. కానీ ఆ తర్వాత సారు ఎవరికీ ఉన్న ఉద్యోగం మానెయ్యమని చెప్పలేదు. బోర్డు మళ్ళీ గేటుకెక్కింది. రాష్ట్రం వచ్చిన రోజు కూడా అది అక్కడే ఉంది. గుంటూరు ఊసు మళ్ళీ రాలేదు. ఆయన పోయింది వనస్థలిపురంలోనే. ఆ రోజు ఆ ఇంటి ముందు నేను చూసిన మనుషుల్లో రెండు యాసలూ కలిసిపోయి ఉన్నాయి, ఏడుపులో తేడా తెలియలేదు.

మా అక్క కూతురికి ఇదంతా చెప్పలేదు. నేను చెప్పినదాంట్ల ఏది పని చేసింది, ఏది చెయ్యలే అని మాత్రం అడిగాను. పెద్ద మెసేజే వచ్చింది. నేను చెప్పిన వాటిలో సగం పనికిరాలేదట. నాకు ఇన్నాళ్ళలో అందిన మర్యాదల్లో అదే గట్టిది.

సారు మాత్రం నాకు మెసేజ్‌కు మెసేజ్ పెట్టలేదు. ఆ రోజు హాస్టల్ నుంచి తిరిగి వస్తూ ఫోనే చేశాడు. గొంతు వినగానే నాకు పాత రోగం తిరగబెట్టింది. "జర లేటయింది సార్, ఏమనుకోవద్దు. థాంక్స్ చెప్పనీకె రెండేండ్లు పట్టింది, గింత మందబుద్ధి మీ దగ్గరికి ఇంకొకడు రాలేదు గదా?" అన్నాను. ఆయన నవ్వలేదు. అవతల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి.

"పనిలో చేరిన రాత్రే థాంక్స్ చెప్పావు కదయ్యా," అన్నాడు, "అప్పుడు నీ దగ్గర చెప్పడానికి ఏముంది? నిన్న నువ్వు పంపింది ఆ రెండేళ్ళే."