‘డన్’ అని రాశాను

వసంతక్క పూర్తి పేరు వసంతలక్ష్మి. వయసు నలభై ఏడు. పుట్టింది తొండియార్‌పేటలో, పెళ్లయి వెళ్లింది అదే తొండియార్‌పేటలో నాలుగు వీధుల అవతలికి. వాళ్ల పెద్దలు ఆంధ్ర నుంచి ఎప్పుడు వచ్చారో ఆమెకే సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతుంది. కోపం మాత్రం ఈ మూడింటిలో దేంట్లోనూ రాదు. మొదట్లో నాకు మింగుడు పడనిది అదే. నేను నరసరావుపేట వాణ్ణి. మా ఇంట్లో ఒకరి తప్పు ఇంకొకరు చెప్పాలంటే ముందు గొంతు లేవాలి. గొంతు లేవకుండా తప్పు చెప్పే మనిషిని చూస్తే లోపల ఏదో పెట్టుకుందని నాకు అనుమానం.

అంబత్తూరులో మా ఆఫీసు. మందుల షాపులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఫోన్లో ఆర్డరు పెడితే మందు ఇంటికి పంపే ఏర్పాటన్నమాట. వసంతక్క అక్కడ పంతొమ్మిదేళ్ల నుంచి ఉంది. నేను చేరి అప్పటికి ఐదు నెలలు. ఆరో నెల నిండితే ఉద్యోగం ఖాయమవుతుంది. కాలేజీలో మార్కులు బాగా వచ్చినవాణ్ణి కాబట్టి ఆ ఖాయం ఎప్పుడో అయిపోయిందని నా లెక్క.

మా దగ్గర పద్ధతి ఇది. ఒకరు రాసిన కోడ్ నేరుగా లోపలికి పోదు. ఇంకొకరు చదివి, వరుసల పక్కన తమ మాట రాస్తారు. రాసినవాడు దిద్ది, ఆ మాట కింద ‘డన్’ అని పెట్టి మూసేస్తాడు. ఆ తర్వాత చదివినవాళ్లు అప్రూవ్ చేస్తారు. వసంతక్క ఒక్కతే అప్రూవ్ చేసినా చాలు, కోడ్ లోపలికి పోయేది. టీములో ఆ హక్కు ఆమె ఒక్కదానికే ఉండేది.

ఆ వారం నాకు ఇచ్చిన పని, వచ్చిన ఆర్డరును పంపాలా వద్దా అని తేల్చే కోడ్. ఆర్డరు ఖాయమైందా? అయితే డాక్టరు చీటీ ఉందా? ఉంటే దాని గడువు ఉందా? ఉంటే షాపులో మందు ఉందా? ఉంటే అది చల్లగా ఉంచాల్సిన మందా? అయితే ఐసుపెట్టె ఖాళీగా ఉందా? షరతు కుదిరితే ‘ఇఫ్’ కింది పని, కుదరకపోతే ‘ఎల్స్’ కింది పని జరుగుతుంది. ఇలా ఒక ‘ఇఫ్’ లోపల ఇంకొక ‘ఇఫ్’, దాని లోపల మరొకటి, ఆరు పొరలు పెట్టాను. కోడ్ స్క్రీను కుడి అంచు దాకా జరుగుతూ పోయింది. ఎంత ఆలోచించి రాశానో అని మురిసిపోయాను కూడా.

వసంతక్క దాని పక్కన ఇంగ్లీషులో రాసింది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

“కోటీ, ఐసుపెట్టె లేకపోతే మర్నాటికి వాయిదా వేసి ఆర్డరు పెట్టిన మనిషికి కబురు పెట్టాలన్న ఆలోచన నీదే, ఎవరూ చెప్పలేదు. చాలా బాగుంది. పేర్లు కూడా చక్కగా పెట్టావు. ఒక్క ఇబ్బంది ఉంది. చివరి వరుస చదివేటప్పటికి పైనున్న ఆరు షరతులూ నేను తలలో మోయాల్సి వస్తోంది. కింద ఉన్న ఏ ‘ఎల్స్’ పైన ఏ ‘ఇఫ్’కి చెందిందో వేలు పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. చీటీ ఉంది, కానీ గడువు దాటింది అనుకో. ఆ ఆర్డరు ఎటు పోతుంది? నాకు దారి దొరకలేదు. నేనే పొరబడి ఉండవచ్చు, నువ్వు చూడు. షరతులను తిరగేసి రాయి. ఆర్డరు ఖాయం కాలేదా, చెప్పాల్సింది చెప్పి అక్కడే రిటర్న్, ఇక కిందికి పోనక్కర్లేదు. చీటీ లేదా, అడిగి రిటర్న్. గడువు దాటిందా, కొత్తది అడిగి రిటర్న్. పంపకూడని వాటిని ఇలా ఒక్కొక్కటిగా ముందే పంపించేస్తే, కిందికి మిగిలేది పంపాల్సిన ఆర్డరే. ఒక్కో దారికి ఒక్కో టెస్టు రాయి. ఇది పూర్తయ్యాకే అప్రూవ్ చేస్తాను. సందేహం ఉంటే నా దగ్గరికి రా, ఇద్దరం కూర్చుందాం.”

ఇందులో నొచ్చుకోవడానికి ఏముంది? ఇప్పుడు చదివితే ఏమీ లేదు. ఆరోజు మాత్రం నా మొహం వేడెక్కింది. టీములో అందరికీ కనిపించేలా రాసింది కదా. పక్క సీటు విఘ్నేష్ చదివి, “ఆరు అంతస్తులు కట్టావు, లిఫ్ట్ పెట్టలేదా?” అని నవ్వాడు. వాడు సరదాకే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నడుస్తున్న కోడ్‌కి అందం ఎందుకు, ఈవిడ చాదస్తం కాకపోతే, అనుకున్నాను.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. షరతులు తిరగేయలేదు. లోపలి మూడు పొరలను కత్తిరించి, విడి కోడ్ ముక్కగా వేరే ఫంక్షన్‌లో పెట్టి, ఇక్కడి నుంచి దాన్ని పిలిచాను. పైకి మూడు పొరలే కనిపిస్తున్నాయి. మిగతా మూడు పక్క గదిలోకి పోయాయి, అంతే. గడువు సంగతి తెరిచి కూడా చూడలేదు. టెస్టులు రెండు రాశాను, రెండూ గడువున్న చీటీలతోనే. ఆమె మాట కింద ‘డన్, అన్ని దారులూ టెస్టు చేశాను’ అని రాసి మూసేశాను.

శుక్రవారం మధ్యాహ్నం వసంతక్క నా సీటు దగ్గరికి వచ్చింది.

“ఏమి కోటీ, ముగించేసినావా? ఆ గడువు దారి ఏమైంది?”

“అయిపోయింది అక్కా. అన్నీ చూశాను.”

“సరి. అయితే ఈ పూటే పంపించేస్తా.”

ఆమె సీటుకు వెళ్లి అప్రూవ్ చేసింది. సాయంత్రానికి కోడ్ షాపులన్నింటికీ చేరింది.

గడువు దాటిన చీటీకి నా కోడ్‌లో దారి లేదు. దాని ‘ఇఫ్’కి ‘ఎల్స్’ పెట్టడం మరిచిపోయాను. కాబట్టి అలాంటి ఆర్డరు వస్తే మందు పంపదు, కుదరదని చెప్పదు, తప్పు జరిగిందని మాకూ చూపించదు. ఫోన్లో ‘చూస్తున్నాం’ అన్న మాటే అలా నిలబడి ఉంటుంది. మంగళవారానికి అలా పదకొండు ఆర్డర్లు ఆగిపోయాయి. వాటిలో పది ఎలాగో గట్టెక్కాయి. పదకొండోది తొండియార్‌పేటలో అమ్మణి అనే పెద్దావిడ ఇన్సులిన్. శనివారం ఆర్డరు పెట్టింది. ఆదివారంతో ఇంట్లో ఉన్నది అయిపోయింది. ‘చూస్తున్నాం’ అన్నారు కదా, వస్తుందిలే అని రెండు రోజులు ఎదురుచూసింది. మంగళవారం ఉదయం కళ్లు తిరిగి పడిపోతే కూతురు ఆసుపత్రిలో చేర్చింది.

బుధవారం మేనేజర్ ప్రేమ్‌నాథ్ అందర్నీ కూర్చోబెట్టాడు. పెద్దావిడకు ప్రాణభయం లేదని ముందే చెప్పాడు. ఆ తర్వాత, “ఇది ఎవరు చూసి పంపారు?” అన్నాడు.

రాసింది నేనని అందరికీ తెలుసు. రాసినవాడికి పొరపాటు జరుగుతుంది, దాన్ని పట్టుకోవడానికే ఇంకొకరు చూసేది. అబద్ధం చెప్పి చూడనివ్వలేదన్న సంగతి మాత్రం నాకొక్కడికే తెలుసనుకున్నాను.

వసంతక్క చెయ్యెత్తింది. “నేను అప్రూవ్ చేశాను. మళ్లీ ప్రతి వరుసా చదవాల్సింది, చదవలేదు. తప్పు నాది” అంది ఇంగ్లీషులో.

ప్రేమ్‌నాథ్, ఇక మీదట వసంతలక్ష్మి అప్రూవల్ ఒక్కటే చాలదు, ఇంకొకరు కూడా చూడాలి అన్నాడు. పంతొమ్మిదేళ్ల మనిషిని, అందరి ముందు. ఆమె సరేనని నోటుపుస్తకంలో రాసుకుంది. నేను నోరు తెరవలేదు. తెరవాలనే అనుకున్నాను, నెల రోజుల్లో ఖాయమయ్యే ఉద్యోగం గుర్తొచ్చింది, మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోడ్ తిరగరాయించింది. “ఈడ రిటర్న్ పెట్టు. ఆడ ఇంక ఎల్స్ వద్దు” అంటూ నా చేతే రాయించింది. ఆరు షరతులూ ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. గడువు దాటినది మూడో వరుసలో చిన్నపిల్లాడికి కూడా కనిపించేలా ఉంది. అక్కడ ఏమీ రాయకపోతే ఎవరైనా అడుగుతారు. నా పాత కోడ్‌లో అది అడుగున కూరుకుపోయింది కాబట్టే నాకూ కనిపించలేదు. ఆమె శుక్రవారం సంగతి ఒక్క మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేసి తేలికపడేవాణ్ణి. గురువారం, శుక్రవారం ఆమె ప్రతి అప్రూవల్ కోసం టీములో తన కంటే పదేళ్లు చిన్నదైన శ్రీప్రియ సీటు దగ్గరికి వెళ్లి, “కొంచెం చూస్తావా?” అని అడగడం చూశాను. చూసి తల దించుకుని నా పని నేను చేసుకున్నాను. ఆదివారం అమ్మ ఫోన్ చేసి ఉద్యోగం సంగతి అడిగితే బాగానే ఉందన్నాను.

సోమవారం అమ్మణి ఇంటికి వచ్చిందని తెలిసింది. ఆఫీసు తరఫున వసంతక్క క్షమాపణ చెప్పాలి. చిన్న మీటింగు గదిలోకి నన్నూ రమ్మంది. ఫోను స్పీకరులో పెట్టింది. తమిళంలో మొదలైన మాటలు, ఇద్దరిదీ ఒకే పేట, తెలుగిళ్లే అని తేలగానే తెలుగులోకి దిగాయి.

“అమ్మా, మా వల్ల మీకు ఇంత కష్టం వచ్చింది. మన్నించాల” అంది వసంతక్క.

“అయ్యో, మీరేం చేస్తారమ్మా” అంది అవతలి గొంతు, ఇంకా నీరసంగా. “తప్పు నాదే గదా. చీటీ డేటు అయిపోయిండాదని చూసుకోకుండా పెట్టేసినా. అంత పెద్ద కంప్యూటరు ఊరికే నిలబెడతాదా, నేనే ఏదో తప్పుగా నొక్కి ఉంటా అని అనుకున్నా. మా బిడ్డ కూడా నన్నే అరిచింది. అరవనీ లేమ్మా, వయసైపోయింది, తెలియలేదు.”

నా చెవులు మండిపోయాయి. చావు దాకా వెళ్లొచ్చిన మనిషి నా తప్పును తన నెత్తిన వేసుకుని, కూతురి చేత తిట్లు తిని, మాకు సర్దిచెబుతోంది. వసంతక్క వేసుకున్నదీ చాలక ఇప్పుడు ఈవిడా. నేను ఫోనుకు దగ్గరగా జరిగాను.

“అమ్మా, మీరేం తప్పు నొక్కలేదు. ఆ ప్రోగ్రాం రాసింది నేను. సరిచూడమని వసంతక్క చెప్పింది, చూడకుండానే చూశానని అబద్ధం చెప్పాను. మీ అమ్మాయికి కూడా ఈ మాట చెప్పండి.”

“సరి నాయనా” అంది అమ్మణి. పరవాలేదని మాత్రం అనలేదు.

సీటుకు వచ్చి, ‘డన్’ అని మూసేసిన వసంతక్క మాటను మళ్లీ తెరిచాను. కింద అందరికీ కనిపించేలా రాశాను. ‘ఇది డన్ కాదు. దిద్దకుండానే దిద్దానని రాశాను. అడిగితే నోటితో కూడా అదే చెప్పాను. వసంతలక్ష్మి గారు నా మాట నమ్మి అప్రూవ్ చేశారు.’ ప్రేమ్‌నాథ్‌కి కూడా పంపాను. గంటలో పిలిచాడు. నా ఉద్యోగం ఖాయం కావడం మూడు నెలలు వెనక్కి పోయింది. వసంతక్క హక్కు తిరిగి ఇస్తారా అని అడిగితే, చదవకపోవడం ఆమె తప్పే కదా, చూద్దాం అన్నాడు. నా మాటతో అది తిరిగి వచ్చేస్తుందని మనసులో ఎక్కడో అనుకున్నాను. రాలేదు.

బయటికి వచ్చేసరికి వసంతక్క నీళ్ల క్యాను దగ్గర సీసా నింపుకుంటోంది. నిజం చెప్పేశానని చెప్పబోయాను.

“చదివినా” అంది. “నువ్వు వేరే ఫంక్షన్‌లోకి కత్తిరించి పెట్టింది నాకు పోయిన మంగళవారమే తెలుసు కోటీ. ఎవరు ఎప్పుడు ఏం మార్చింది అంతా ఆడ రాసి ఉంటాది గదా.”

“మరి మీటింగులో ఎందుకు చెప్పలేదక్కా?”

సీసా మూత బిగించింది. “నువ్వే చెప్తావని ఊరుకున్నా. బుధవారం మీటింగులో నీ మొగం చూసినా, ఇప్పుడు చెప్తాడు అనుకున్నా. మళ్ల గురువారం అనుకున్నా. శుక్రవారం సాయంత్రం నువ్వు బ్యాగు తగిలించుకుని ‘వస్తా అక్కా’ అని చెప్పేసి పోయినావు చూడు, ఆ దినం మాత్రం నాకు శానా కష్టంగా ఉండింది.”