నల్లపెట్ట తెల్లగుడ్లు

పశుసంవర్ధక శాఖలో నా ఉద్యోగం చాలావరకు కోళ్ళకు టీకాలు వేయడంతోనే గడిచింది. కోడి గురించి నాకు తెలిసినది కొంచెమే, కానీ ఆ కొంచెం ఖాయంగా తెలుసు. రిటైరై ఆమదాలవలసలో ఉంటున్నాను. పొద్దున్నే నాతో నడిచే వాళ్ళలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉన్నాడు. ఆయనకు ఏదీ ఖాయంగా తెలియదు, కానీ అన్నీ తెలుసు. ఆరోగ్యం విషయంలో మరీను. అంతకుముందు ఏడాది నూనె మీద పడ్డాడు, దానికి ముందు బియ్యం మీద. మొన్న వేసవి నుంచి గుడ్ల మీద పడ్డాడు.

స్టేషను రోడ్డులో మేం టీ తాగే కొట్టు పక్కన ఒకావిడ గుడ్లు అమ్ముతుంది. వారానికి రెండుసార్లు పల్లె నుంచి ఆటోలో వస్తుంది. బుట్టలో ఊక పోసి, ఊకలో గుడ్లు దోపుకుని తెస్తుంది. అన్నీ తన పెరటి కోళ్ళవే. కొన్ని లేత గోధుమరంగు, కొన్ని మీగడరంగు, కొన్ని తెల్లనివి. నాటుకోళ్ళ గుడ్లు ఇలా కలగలుపుగానే ఉంటాయి. ఏళ్ళ తరబడి మా వీధివాళ్ళు చేతికందినవి తీసుకుపోయారు. ఎవరూ రంగు చూడలేదు.

ఆ వేసవిలో ఎదుటి కిరాణా కొట్టులో గడ్డి పరిచిన అట్టపెట్టెల్లో గోధుమరంగు గుడ్లు వచ్చాయి. ఫారం గుడ్లే. పెంకు గోధుమరంగులో ఉండే జాతి కోళ్ళవి, అంతే. కొట్టాయన పైన ‘పల్లె గుడ్లు’ అని కాగితం అంటించాడు. హెడ్మాస్టరు ఆ కాగితం చదివాడు. చదువుకున్నవాడు గదా, రాసి ఉన్నదల్లా నమ్ముతాడు.

మర్నాడు ఆవిడ బుట్ట ముందు గొంతుక్కూర్చుని, గుడ్లు ఒక్కొక్కటే ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు. గోధుమరంగువి ఒక పక్కకు తీశాడు.

“ఇయేటే? ఈ తెల్లవి ఫారం గుడ్లు కావా? మాకు కలిపి అంటగడతన్నావా?”

“ఫారం ఎక్కడిది బావూ, మా నల్లపెట్టవి. దాని కూతురు కూడా అలాగే పెడతాది.”

“నల్లపెట్ట తెల్లగుడ్డు పెడతాదా? ఎవరికి సెప్తన్నావు! నలబయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు సెప్పినోణ్ణి.”

“పాఠాలు మీరు సెప్పినారు గానీ, గుడ్లు నా పెట్ట పెట్టినాది కదా బావూ.”

టీ కొట్టు దగ్గర అందరం నవ్వాం. హెడ్మాస్టరు నవ్వలేదు. ఆ రోజు నుంచి మా గుంపంతా ఆయన దారే పట్టింది. గోధుమరంగువి ఏరుకుపోతారు, తెల్లవి ఊకలో మిగిలిపోతాయి. “బలం తక్కువ,” అన్నాడొకాయన. “వాసనొస్తాది,” అన్నాడింకొకాయన. అంతకు రెండు వారాల ముందు అవే గుడ్లు ఇద్దరి ఇళ్ళలోనూ అట్టులో పడ్డాయి. అప్పుడు ఏ వాసనా రాలేదు.

నేను చెప్పి చూశాను. పెంకు రంగు కోడి జాతి నుంచి వస్తుంది. గుడ్డు బయటికి రావడానికి ముందు, చివరి కొద్ది గంటల్లో పెంకు మీద పూతలా పడుతుంది. గోధుమరంగు పెంకును లోపలివైపు తిప్పి చూడండి, పాలిపోయి ఉంటుంది. పచ్చసొన రంగు మేతను బట్టి. రుచి మేతను బట్టి, గుడ్డు ఎంత తాజాదో దాన్ని బట్టి. బలానికి కూడా పెంకు రంగుతో పని లేదు. ఆవిడ కోళ్ళన్నీ ఒకే పెరట్లో ఒకే గింజలు, ఒకే పురుగులు తింటున్నాయి. అంతా విని హెడ్మాస్టరు, “మీరు టీకాలు వేసినారు గానీ గుడ్లు తినలేదండి,” అన్నాడు.

ఈలోగా ఆవిడ ఒక ఉదయం నా దగ్గరకొచ్చింది. “నల్లపెట్టని కూరకి ఇచ్చీమంటన్నాడు బావూ మా ఆయన. దాని గుడ్లు ఎవులూ కొనకపోతే దానికి గింజలెందుకు అంటన్నాడు. కిరాణా కొట్టాయనేమో టీ నీళ్ళలో ముంచితే రంగొస్తాదంటన్నాడు. నాను అలాగ సెయ్యను. నా కోడి గుడ్డుకి నాను దొంగరంగెయ్యడమేటి?”

“వెయ్యకమ్మా. వాళ్ళ నోరు నేను మూయిస్తాను,” అన్నాను. డైరీలో ఆ మాట రాసుకున్నాను కూడా. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

ఆ పొద్దు పెట్టినవే ఒక తెల్లగుడ్డు, ఒక గోధుమరంగు గుడ్డు ఆవిడ దగ్గర తీసుకున్నాను. టీ కొట్టులోనే ఒకే గిన్నెలో ఉడికించి, నేనే ఒలిచాను. మరీ తాజా గుడ్లు కావడంతో పెంకుతోపాటు తెల్లసొన పీలికలుగా ఊడింది. రెండూ ఒకేలా ఊడాయి. రెండు సాసర్ల అడుగున పెన్సిలుతో గుర్తు పెట్టి, చెరొకటి ఉంచి, అందరి ముందూ హెడ్మాస్టరుకు అందించాను. ఒలిచాక రెంటికీ తేడా ఏముంది?

ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు. నీళ్ళు తాగాడు. రెండోది నమిలాడు. “ఇది అసలైన నాటు. అది పిండి పిండిగా ఉన్నాది, ఫారం సరుకు.”

సాసర్లు తిప్పాను. ఆయన పిండి అన్నది గోధుమరంగు గుడ్డు. నాటు అన్నది నల్లపెట్టది.

కొట్టంతా గొల్లుమంది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఆయన మొహం చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

“సాసర్లు మార్చీసినారు,” అన్నాడాయన. లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా మా గుంపులో ఒక్కడూ తెల్లగుడ్డు ముట్టలేదు. ఆయన ఓడిపోయాడని వాళ్ళందరికీ తెలుసు. అయినా నలుగురిలో ఆయన్ని నొప్పించడం కంటే గుడ్డు మానేయడం వాళ్ళకు తేలిక. నేనొక్కణ్ణే కొన్నాను. ఇద్దరం ఉండే ఇంట్లో ఎన్ని గుడ్లు తినగలం?

రెండు వారాలకు హెడ్మాస్టరు ఆదివారం భోజనానికి పిలిచాడు. పాతది మరిచిపోదాం అన్నాడు. నాటుకోడి కూర. విస్తట్లో ముక్కలతో పాటు గుండ్రని పచ్చసొనలు పడ్డాయి. పెద్దది గోళీకాయంత, చిన్నది శనగగింజంత. పెట్టబోయే గుడ్లు కోడి కడుపులో అలా వరసగా పెరుగుతుంటాయి. పెంకు ఇంకా పట్టలేదు.

“బంగారం మేస్టారూ, బంగారం!” అంటూ పక్కాయన రెండు ఎక్కువ వేయించుకున్నాడు. వాసన వస్తుందన్న మనిషి అతడే.

“కోడి ఎక్కడిదండి?” అని అడిగాను.

“ఇంకెక్కడిది? మన గుడ్లావిడ దగ్గరే. నల్లపెట్ట. సిసలైన నాటు. నాను సూసి మరీ ఏరినాను.”

“మరి ఈ గుడ్లు ఏ రంగువి?”

“గుడ్లకి రంగేటండీ, పెంకే లేదు కదా!” అని హెడ్మాస్టరు నవ్వి, నా విస్తట్లో ఇంకొకటి వేశాడు.

లేచి వచ్చేశానని రాసుకుంటే బాగుండేది, కానీ ఆ రోజు డైరీలో అలా లేదు. తిన్నాను. కూర రుచిగా ఉంది.

తర్వాతి వారం ఆవిడ బుట్టలో అన్నీ గోధుమరంగువే ఉన్నాయి. కూతురు పెట్ట ఏమైందని నేను అడగలేదు. హెడ్మాస్టరు ఒక్కటి కూడా వెలుగుకు పెట్టకుండా, చేతికందినవి తీసుకుని సంచీలో వేసుకున్నాడు.