ఎడమ చెప్పు పాఠం

బస్టాండు మైకులో ముప్పై ఏళ్లు పలికిన గొంతు కాబట్టి, ఉద్యోగం అయిపోయినా మైకమ్మ అన్న పేరు మాత్రం ఆవిడను వదల్లేదు. "రావలసిన బస్సు మరికొద్దిసేపట్లో" అని ఆవిడంటే జనం సంచులు సర్దుకునేవారు. ఆ కొద్దిసేపు గంటయినా తిట్లన్నీ డ్రైవరుకే గాని మైకమ్మకు తగిలేవి కావు. కంట్రోలరు సంతకం లేని చీటీ ఎవరు తెచ్చినా ఆవిడ నోరు విప్పేది కాదు మరి. ఒకసారి స్వయానా డిపో మేనేజరే పరుగున వచ్చి చెప్పినా, సంతకం ఏదండీ అని చెయ్యి చాపింది.

అందుకే పేటలోని లైబ్రేరియన్ ఆవిణ్ణి పట్టుకున్నాడు. పెద్దవాళ్ల ఫోన్లలో రోజూ వచ్చిపడే ఫార్వర్డుల్లో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో, ఎలా వెతికి చూడాలో ఒక పాఠం తయారుచేసి చెప్పమన్నాడు. మీరు చెబితే వింటారమ్మా, నేను చెబితే కుర్రకుంక అంటారు అన్నాడు. ఆయనకు యాభై దాటాయి.

మైకమ్మ వారం రోజులు కూర్చుని పాఠం రాసింది. దాన్ని ముందుగా వదినగారికి చదివి వినిపించింది. అన్నగారు పోయాక ఆడపడుచూ వదినా ఒకే వాటాలో ఉంటున్నారు. వదిన రెండో పేజీకే కునుకు తీసింది. మేల్కొని, చాలా బాగుంది, బస్సు ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేదు అంది.

పాఠం సంగతి అటుంచి, మైకమ్మకు అసలు భయం వేరే పట్టుకుంది. అంతకుముందు రోజు కళ్లజోడు కోసం వదిన సొరుగు తీస్తే బీపీ మాత్రల అట్టలు విప్పకుండానే కనబడ్డాయి. నెలరోజులుగా మింగడం లేదట. ఆ మాత్రలు కిడ్నీలను తినేస్తాయనీ, పరగడుపున నాలుగు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు చాలనీ ఫోన్లో వచ్చిందట.

"ఎవరు చెప్పారు వదినా?"

"పేద్ద ఆసుపత్రి డాక్టరు."

"ఏ ఆసుపత్రి?"

"చెప్పానుగా, పేద్దదని. తొమ్మిది మంది పంపారు. తొమ్మిది మందీ అబద్ధాలకోర్లా? నిప్పు లేనిదే పొగ రాదు."

గట్టిగా అంటే వదిన అలుగుతుంది. అలిగితే నీళ్లు ఆరు గ్లాసులవుతాయి గాని మాత్ర మాత్రం నోట్లోకి వెళ్లదు. చెబితే వినని మనిషికి చూపించాలి అనుకుంది మైకమ్మ. పాఠానికి ఉదాహరణగా ఉంటుందని ఆ సాయంత్రమే ఒక ఫార్వర్డు తనే అల్లింది. రాత్రి పడుకునేముందు ఎడమ చెప్పు తలకిందులుగా పెడితే బీపీ దిగుతుందని పెద్ద పెద్ద డాక్టర్లు తేల్చారు, మీ వాళ్ల మీద ప్రేముంటే పదిమందికి పంపండి అని. పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. లోపాలన్నీ కావాలనే పెట్టింది. దాన్ని వదినకు పంపి, వెంటనే మరో మెసేజిగా, ఇది నేను కల్పించింది, తప్పులు పట్టుకో అని రాసింది.

అక్కడే కాలు జారింది. ఫార్వర్డు చేస్తే వెళ్లేది ఒక్క మెసేజే. దాని కింద ఉన్న హెచ్చరిక ఉన్నచోటే ఉండిపోతుంది. వదిన మొదటిది చదివింది, ప్రేమ పొంగింది, పంపేసింది. రెండోది చదవనేలేదు.

మర్నాడు పాల ప్యాకెట్ల కోసం తలుపు తీసిన మైకమ్మకు ఎదురింటి గుమ్మంలో ఒక చెప్పు వెల్లకిలా కనబడింది. కుక్క లాగిందేమో అనుకుంది. మెట్లు దిగుతుంటే రెండో అంతస్తులో మూడు. మొదటి అంతస్తులో లెక్కల మాస్టారింట్లో ఇంటిల్లిపాదివీ. అన్నీ ఎడమవే. తాను తీసిన గోతిలో తానే పడినట్టయింది ఆవిడకు. కల్పించానమ్మా అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. అయ్యో పాపం, మీరు చూడలేదేమో, మంచి వైద్యమట అని వాళ్లే ఆవిడకు తిరిగి పంపారు.

పాఠం రోజుకు లైబ్రరీ గది నిండింది. గడప దగ్గర విడిచిన చెప్పులు కూడా ఆ వైద్యంలోనే ఉన్నాయి. మైకమ్మ రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేసింది.

"ఎడమ చెప్పు సంగతి రాసింది నేనే" అంది బస్టాండు గొంతుతో.

ముందు వరసలోని దర్జీ తాత నవ్వాడు. "మీరు మైకులో చెప్పేవారు గాని డాక్టరీ ఎప్పుడు చేశారమ్మా? నాకు డాక్టరు ఫొటోతో సహా వచ్చింది. పైన రెండు బాణాలు కూడా ఉన్నాయి."

రెండు బాణాలంటే చాలా చేతులు మారిందని అర్థం, నిజమని కాదు అని మైకమ్మ విప్పి చెప్పింది. తర్వాత ఆ ఫొటోను నెట్లో బొమ్మలు వెతికే చోట పెట్టి చూడమని లైబ్రేరియన్‌ను అడిగింది. తెల్లకోటు డాక్టరు దొరికాడు, యూనిఫారాలు అమ్మే కొట్టు ప్రకటనలో. కింద నాలుగు సైజుల్లో లభించును అని ఉంది. కోటు కుట్టు బాగుంది అన్నాడు దర్జీ తాత.

"ఇప్పుడు ఎవరికి అందరికంటే ముందు వచ్చిందో చూద్దాం. తేదీ, టైము చదవండి."

ఒక్కొక్కరూ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టి చదివారు. తేదీల్లో వెనక్కి నడిచిన కొద్దీ ఫొటో మాయమైంది, తర్వాత బాణాలు మాయమయ్యాయి. చివరికి లెక్కల మాస్టారి దగ్గర ఆగింది. ఆయన గొంతు సవరించుకుని, నాకు పంపినావిడ ఈ గదిలోనే ఉన్నారు అని పైకప్పు కేసి చూశాడు.

నలుగురిలో వదిన తలవంచుకుంటే ఇక ఈ జన్మలో మాత్ర మింగదు. ఇక్కడితో ఆపుదాం అనబోయింది మైకమ్మ.

వదినే లేచి నిలబడింది. కళ్లజోడు పెట్టుకుని ఫోను తెర జరిపింది. రెండో మెసేజి అప్పుడు కనబడింది ఆవిడకు.

"నాకు పంపింది మా ఆడపడుచు. ఇది కల్పన అని కింద రాసింది కూడా. నేనే చూళ్లేదు" అని, కూర్చోకుండా ఇంకోటి తీసింది. "మరి దీని సంగతేమిటో కూడా చూడండి."

మాత్రల మెసేజి అది. అందులోనూ డాక్టరు పేరు లేదు, ఆసుపత్రి లేదు, తేదీ లేదు. అందులోని మాటలే పెట్టి లైబ్రేరియన్ వెతికితే, ఇది అబద్ధమని నిజనిర్ధారణ చేసేవాళ్లు ఎప్పుడో తేల్చి పెట్టారు. డాక్టరును అడగకుండా బీపీ మందు ఆపొద్దని ఆరోగ్యశాఖ వాళ్ల సైటులోనూ ఉంది. పంపిన తొమ్మిది మందిలో ఐదుగురు ఆ గదిలోనే ఉన్నారు. వాళ్లందరికీ వచ్చింది పొద్దుటి నడక గుంపులోంచే. మిగతా నలుగురూ ఆ గుంపువాళ్లే.

వదిన వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "తొమ్మిది మంది చెప్పలేదన్నమాట. ఒక్కటే తొమ్మిది సార్లు వచ్చింది."

వారం రోజులు రాసిన మైకమ్మ పాఠంలో ఇంత మంచి వాక్యం ఒక్కటీ లేదు.

మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. బీపీ చూసి ఆయన వదిన కేసి, తర్వాత మిషను కేసి, మళ్లీ వదిన కేసి చూశాడు. మళ్లీ మొదలుపెట్టమని చీటీ రాసిస్తే, సంతకం ఉందో లేదో చూసుకుని మరీ మడిచి పెట్టుకుంది వదిన.

ఆ రోజే తను పంపినవాళ్లందరికీ, చెప్పు వైద్యం కల్పన, దయచేసి సరిచేసుకోండి అని మెసేజి పెట్టింది. దాన్ని ఎవ్వరూ ఎవ్వరికీ ఫార్వర్డు చెయ్యలేదు. అబద్ధానికి రెక్కలు, దిద్దుబాటుకు మోకాళ్ల నొప్పులు అని విసుక్కుని, ఆడపడుచును మెట్ల దగ్గర నిలబెట్టింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మైకమ్మ గొంతెత్తితే, నాలుగంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకుని, చెప్పులు ఒక్కొక్కటే సరిగ్గా తిరిగాయి.

పాఠంలో మైకమ్మ కూడా ఒక సవరణ చేసుకుంది. ఉదాహరణలను ఇక బొమ్మలుగానే చూపాలి, ప్రతి బొమ్మకూ అడ్డంగా, నడిమధ్యన, కల్పితం అని పెద్దక్షరాలు ఉండాల్సిందే. విడిగా కింద రాస్తే లాభం లేదు.

వదిన మాత్రం ఇప్పుడు మరీ ముదిరింది. మబ్బు పట్టింది, బట్టలు తియ్యి వదినా అని మైకమ్మ వంటింటి కిటికీ దగ్గర్నుంచి కేకేస్తే, మాత్ర మింగి, నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, తాపీగా అడుగుతోంది.

"ఎవరు చెప్పారు?"