మౌలాలీ అడిగిన వివరం

మాచర్లలో నూర్‌బాషాల వీధిలో మౌలాలీ అంటే అందరికీ తెలుసు. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. కొడుక్కి ఆ పని అబ్బలేదు. పదహారో ఏట తాపీ పట్టుకున్నాడు, నలభై దాటేసరికి సిమెంటు ఫ్యాక్టరీలో ఇటుక మేస్త్రీ అయ్యాడు. కంపెనీ మనిషి కాదు. ఆనందరావు అనే కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. సిమెంటు కాల్చే పెద్ద గొట్టపు బట్టీని అప్పుడప్పుడు ఆపి, చల్లార్చి, లోపల కాలిపోయిన ఇటుకలు పగలగొట్టి కొత్తవి పేర్చాలి. దాన్ని షట్‌డౌన్ అంటారు. మౌలాలీ ముఠాలో తనతో కలిపి ఆరుగురు.

ఎనభై ఆరు ఎండాకాలంలో జరిగిన షట్‌డౌను అందరినీ పీల్చి పిప్పి చేసింది. పొద్దున ఆరింటికి లోపలికి పోతే సాయంత్రం ఆరుకి బయటికి. చల్లారింది అన్నారు గానీ ఆ ఇనుప గొట్టంలో ఇంకా సెగ పోలేదు. మూతికి తువ్వాలు కట్టుకున్నా దుమ్ము గొంతులోకి దిగేది. మధ్యాహ్నం గంటసేపు ఆపితే కాంట్రాక్టరు మనుషులు అన్నం, సాంబారు పొట్లాలు తెచ్చి పెట్టేవాళ్ళు. వెల్దుర్తి నుంచి వచ్చే మరియదాసు ఆ పొట్లం విప్పుతూ, "మన ఆనందరావుకి ఎప్పుడూ లేని దయ పుట్టింది మేస్త్రీ" అని నవ్వేవాడు. ఆరు రోజుల పని, ఒక ఆదివారం సెలవు, మళ్ళీ ఆరు రోజులు. బట్టీ మళ్ళీ వెలిగించారు.

నెల జీతాలు ఎవరివి వాళ్ళకే ఇచ్చారు. ఓవర్‌టైము మాత్రం కాంట్రాక్టరు గుమాస్తా పుల్లయ్య మొత్తంగా మౌలాలీ చేతిలో పెట్టి, "నీ ముఠాది. పంచుకోండి" అని ఓచరు మీద ఒక్క సంతకం తీసుకున్నాడు. వెయ్యీ అరవై రెండు రూపాయలు. ఎవరి వాటా ఎంతో చెప్పలేదు గనక మౌలాలీ గేటు బయట టీ బంకు దగ్గర కూర్చుని ఆరు సమభాగాలు చేశాడు. తలకి నూట డెబ్బై ఏడు.

మరియదాసు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"ఇంతేనా?"

"ఇంతే ఇచ్చాడు."

"నా కూలి రోజుకి ఇరవై నాలుగు. గంటకి మూడు. ఓవర్‌టైముకి రెట్టింపు, ఆరు. రోజూ నాలుగు గంటలు ఎక్కువ చేశాం. పన్నెండు రోజులు. రెండొందల ఎనభై ఎనిమిది రావాల గదా."

"నాకూ అట్టాగే అనిపించింది దాసూ. పుల్లయ్యని అడిగా. లెక్క సరిగ్గానే ఉందన్నాడు."

"లెక్క సరిగ్గా ఉంటే చూపించొచ్చు గదా!"

ఆ మాట పుల్లయ్యని అన్నట్టే ఉంది గానీ, చూపు మౌలాలీ మీదే ఉంది. మర్నాటి నుంచి మరియదాసు టీకి వేరే బంకుకి పోసాగాడు. మిగతా నలుగురూ పని దగ్గర పలికినా, మేస్త్రీ దగ్గరికి రాగానే మాట ఆపేవాళ్ళు. మౌలాలీ ఇంకోసారి పుల్లయ్య దగ్గరికి పోయాడు. "నోటితో చెప్పా గదయ్యా, కాగితం రాయడానికి నాకేం పనిలేదా?" అన్నాడు పుల్లయ్య.

ఇంట్లో ఖదీజా గమనించింది. కారంపూడిలో ఏడో తరగతి దాకా చదివిన మనిషి, భర్తకంటే గట్టిది.

"ఏందయ్యా, అన్నం ముందర పెట్టుకుని గోడ చూస్తన్నావు?"

చెప్పాడు. చెప్పడానికి కూడా ఓపిక లేనట్టు ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"నువ్వు తిన్నావా ఆ డబ్బు?"

"తినలేదని నీకు తెలుసు."

"నాకు తెలిస్తే చాలదు గదా. ఎవరికి ఎన్ని గంటలు, ఎంత రేటు, ఏమన్నా కోశారా, కాగితం మీద రాయించుకో. డబ్బు అడగొద్దు. వివరం అడుగు."

"అడిగితే పని పోద్ది."

ఖదీజా కంచం తీసి, చేయి కడుక్కుని వచ్చి కూర్చుంది. "పనైతే ఇంకోటి దొరుకుద్ది" అంది చివరికి. "దొంగన్న పేరొస్తే మాత్రం ఈ వీధిలో పోయేది కాదు."

ఎవరికి రాయాలో తెలియక మౌలాలీ టైమాఫీసులో అలీ సాహెబ్‌ని అడిగాడు. ఆయన కంపెనీ మనిషే. గేటు దగ్గర రాకపోకలు రాసుకునే పెద్దాయన.

"కాంట్రాక్టరుకి రాస్తే చింపి పారేస్తాడు. కంపెనీలో ఉద్యోగుల సంగతి చూసే పర్సనల్ ఆఫీసుకి రాయి," అన్నాడు అలీ సాహెబ్. "మీరు మా మనుషులు కాదంటారు. నిజమే. కానీ కాంట్రాక్టు కూలీలకి డబ్బిచ్చేటప్పుడు కంపెనీ తరఫున ఒకరు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలని చట్టముంది. ఓవర్‌టైముకి వేరే రిజిష్టరు ఉండాలి. రెండు కాపీలు రాయి. ఒకటి తపాలు గుమాస్తాకిచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకో. ముద్ర లేకపోతే అసలు ఇవ్వలేదంటారు."

ఆదివారం ఖదీజా కార్బను కాగితం పెట్టి రాసింది.

"గౌరవనీయులైన పర్సనల్ ఆఫీసరు గారికి, ఆనందరావు గారి కాంట్రాక్టులో ఇటుక మేస్త్రీ మౌలాలీ వ్రాసుకొను అర్జీ. పోయిన నెల షట్‌డౌన్‌లో మా ఆరుగురికి ఇచ్చిన ఓవర్‌టైము మొత్తము ముట్టినది. అందులో ఎవరికి ఎన్ని గంటలు, ఏ రేటున కట్టినారో, ఏమైనా మినహాయించినారో మాకు తెలియదు. ఎక్కువ ఇమ్మని ఈ అర్జీ కాదు. వివరము పేరు పేరున వ్రాతమూలకముగా ఇప్పించ ప్రార్థన."

తపాలు గుమాస్తా ఎగాదిగా చూసి ముద్ర కొట్టాడు. తర్వాత చాలా రోజులు ఏమీ జరగలేదు. జరగకపోవడం ఇంకా కష్టమైంది. రోజూ గేటు దాటుతూ ఎవరైనా పిలుస్తారేమో అనుకునేవాడు. పిలవలేదు. ఈలోపు ఆ అర్జీ సంగతి ఆనందరావుకి తెలిసింది. అతను కేకలేయలేదు. "మేస్త్రీ, నా మీదే కాగితం పెట్టావంట" అని మాత్రం అని జీపు ఎక్కి పోయాడు.

చివరికి ఒకనాడు పర్సనల్ ఆఫీసరు ధనుంజయరావు పిలిపించాడు. చెడ్డమనిషి కాడు. బల్ల నిండా ఫైళ్ళు, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా వాటి మీద రాళ్ళు.

"మీ ఓవర్‌టైము లెక్క మీ కాంట్రాక్టరు దగ్గర ఉంటుంది. మమ్మల్ని అడుగుతావేమయ్యా?"

"అడిగానయ్యా. చూపించలేదు."

"ఇప్పుడీ కాగితం వస్తే నీకేం ఒరుగుతుంది?"

మౌలాలీ చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. "మావోళ్ళు నాతో టీ తాగడం మానేశారయ్యా" అన్నాడు.

ధనుంజయరావు పెన్ను కింద పెట్టాడు. అతనికి లోలోపల ఇంకో ఇబ్బంది ఉంది. ఆ నెల ఓవర్‌టైము రిజిష్టరు చివర 'నా సమక్షంలో చెల్లించబడినది' అని సంతకం పెట్టింది తనే. ఆ రోజు ఈ కుర్చీ లోంచి లేవలేదు. ప్రతి నెలా పుల్లయ్య రిజిష్టరు తెచ్చి ముందు పెడితే సంతకం చేయడం అలవాటైపోయింది.

"డబ్బు మీకు ఎట్లా ఇచ్చారు?"

"మొత్తం నా చేతికే ఇచ్చాడయ్యా. ఒక్క సంతకం."

"రిజిష్టర్లో ఆరు సంతకాలున్నాయే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సరే, నువ్వెళ్ళు" అన్నాడు ధనుంజయరావు.

ఆ వారంలోనే టైపు చేసిన కాగితం వచ్చింది. కింద సంతకం, కంపెనీ ముద్ర. మౌలాలీ దాన్ని విప్పకుండా టీ బంకు దగ్గరికి తెచ్చి మరియదాసుకి ఇచ్చాడు. మరియదాసు మిషను బడిలో చదువుకున్నవాడు. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. అతను వేలు పెట్టి, నెమ్మదిగా పైకి చదివాడు.

రోజూ మధ్యాహ్నం విరామం గంట పని కింద లెక్కకు రాదు. కాబట్టి రోజుకి ఎక్కువ చేసింది మూడు గంటలు, మొత్తం ముప్పై ఆరు. కూలీలకి గంటకి ఆరు చొప్పున రెండొందల పదహారు. అందులో భోజనం ఖర్చు, రోజుకి నాలుగు చొప్పున, నలభై ఎనిమిది మినహాయింపు. చేతికి నూట అరవై ఎనిమిది.

"బోయినమా!" అన్నాడొకడు. "ఆ సాంబారుకి నాలుగు రూపాయలా!"

"ఆగరా." మరియదాసు కింది వరస దగ్గర ఆగిపోయాడు. మేస్త్రీ కూలి రోజుకి ముప్పై. గంటకి ఏడున్నర చొప్పున రెండొందల డెబ్బై. భోజనం పోను రెండొందల ఇరవై రెండు.

అతను మళ్ళీ పై వరసకి పోయి చదువుకున్నాడు. తన పేరు, నూట అరవై ఎనిమిది. తనకి ముట్టింది నూట డెబ్బై ఏడు. కాగితం మడత పెట్టి మౌలాలీకి ఇచ్చేశాడు.

"నీది మాకు పంచావు మేస్త్రీ."

"నాకు తెలిసి పంచలేదు. తెలిస్తే పంచేవాణ్ణో కాదో చెప్పలేను."

అది నిజమే. మౌలాలీకి ఆ క్షణాన సంతోషం కలగలేదు. బల్ల మీద కూలబడ్డాడు. మరియదాసు జేబులోంచి ఐదు రూపాయల నోటూ, నాలుగు రూపాయి బిళ్ళలూ తీసి అతని పక్కన పెట్టాడు. వద్దందామనుకున్నాడు మౌలాలీ. వద్దంటే మరియదాసు తల ఇంకా దిగిపోతుందని తీసుకున్నాడు. మిగతా నలుగురిలో ఎవరూ ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

భోజనం సంగతి అంతటితో పోలేదు. కూలీలు ఒప్పుకుని ఇష్టపడితే తప్ప అట్లా కోయడానికి వీల్లేదని ధనుంజయరావు ఆనందరావుకి చెప్పాడు. ఉత్తరం కూడా రాశాడు. తర్వాతి జీతాల రోజున గేటు పక్కన బల్ల వేశారు. ధనుంజయరావు స్వయంగా కుర్చీలో కూర్చున్నాడు. పుల్లయ్య మొహం మాడ్చుకుని ఒక్కొక్కరి పేరు పిలిచి నలభై ఎనిమిది తిరిగి ఇచ్చాడు, ఒక్కొక్కరి సంతకం తీసుకున్నాడు. ఆ పాత సంతకాలు ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. అడిగితే ధనుంజయరావు సంతకం దగ్గరికి కూడా వస్తుంది మరి.

చలికాలంలో మళ్ళీ షట్‌డౌను వచ్చింది. ఆనందరావు నూజెండ్ల నుంచి కొత్త మేస్త్రీని తెచ్చుకున్నాడు. మౌలాలీ ముఠాలో ఐదుగురికీ కబురొచ్చింది, అతనికి తప్ప.

మరియదాసు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నేను పోను మేస్త్రీ" అన్నాడు.

"పోక ఏం తింటావు? పిల్లలున్నోడివి. పో."

"నీకేమనిపించదా?"

"అనిపిస్తది. అయినా పో."

ఖదీజా ఇద్దరికీ టీ తెచ్చింది. మరియదాసు గుమ్మంలోనే కూర్చుని తాగి, మరునాడు పనిలోకి పోయాడు.

మౌలాలీ కొన్నాళ్ళు ఖాళీగా తిరిగాడు. బట్టీ దుమ్ము లేక దగ్గు తగ్గింది, చేతిలో పైసా లేకుండా పోయింది. తర్వాత పిడుగురాళ్ళలో ఒక సున్నపు బట్టీ యజమాని, లోపలి గోడ కూలిందని కబురు పెట్టాడు. తెల్లారి బస్సుకి పోయాడు. యజమాని వెంకటరామయ్య చిన్న వ్యాపారి, మాట మంచిదే.

"మేస్త్రీ, మొత్తం ఎంతకి చేస్తావో చెప్పు. నీ చేతికిస్తా, నీ కూలోళ్ళతో నువ్వే చూసుకో."

"వద్దండీ," అన్నాడు మౌలాలీ. "రోజు కూలీ మాట్లాడదాం. సాయంత్రం ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వండి."

వెంకటరామయ్య విడ్డూరంగా చూశాడు. మేస్త్రీకి మిగిలేది అక్కడే కదా అనుకుని ఉంటాడు. మౌలాలీ అదేం వివరించలేదు. మూతికి తువ్వాలు కట్టుకుని, బట్టీలోకి వంగి, కూలిన గోడ ఎంత మేరకు పనికొస్తుందో చేత్తో తడిమి చూడసాగాడు.